ఒక వరద రోజు, పన్నెండు ఖాళీలు

నేను బెంగళూరులో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లం, బడిలో చదువు మాత్రం ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ సాగింది. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరిన తరువాతే. రెండేళ్లుగా ఆదివారాలు ఒక రిటైరైన తెలుగు మాస్టారి ఇంటికి వెళ్లి రాయడం నేర్చుకుంటున్నాను. మాట్లాడేటప్పుడు ఎన్నడూ రాని చిక్కు ఒకటి రాతలో ఎదురైంది. జరిగిపోయిన సంఘటన గురించి పది వాక్యాలు రాస్తే అందులో కాలం నిలకడగా ఉండేది కాదు. ఒక రోజు జరిగిన పని ఏళ్ల తరబడి జరిగినట్టూ, ఇంకా సాగుతున్న పని ముగిసిపోయినట్టూ వచ్చేది. మాస్టారు నా కాగితాల మీద ఎర్ర గీతలు పెట్టి పెట్టి, చివరికి ఒక ఆదివారం తాము స్వయంగా రాసిన పేరా ఒకటి చేతికిచ్చారు. ఆయనది కర్నూలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు ఊళ్లోకి వచ్చిన రోజున తమ ఇంట్లో జరిగినది అందులో రాసి, పన్నెండు చోట్ల క్రియను తీసేసి, దాని మూలరూపం మాత్రం పక్కన ఉంచారు. పేరా ఇది.

2009 అక్టోబరు 2న మేం అయిదుగురం కర్నూలు ఇంట్లోనే (1) ______ [ఉండు]. అంతకు ముందు రెండు రోజులుగా వాన (2) ______ [కురియు]. చిన్నప్పటి నుంచి చూసినంతలో హంద్రీకి ఎప్పుడు నీళ్లు వచ్చినా ఒక పూటలో (3) ______ [తగ్గిపోవు]. కాబట్టి ఆ రోజు కూడా మాలో ఎవరూ (4) ______ [భయపడు, వ్యతిరేకార్థం]. తమ్ముడు బజారు నుంచి (5) ______ [వచ్చు], వీధి చివర నీళ్లు (6) ______ [పెరుగు] అని (7) ______ [చెప్పు]. అమ్మ బియ్యం మూటలు అటక మీదికి (8) ______సరికి [చేర్చు] నీళ్లు గడప (9) ______ [దాటు]. అందరం మేడ మీదికి (10) ______ [పరుగెత్తు]. ఆ రాత్రంతా తమ్ముడు మెట్ల మీద కూర్చుని గంటకోసారి టార్చి వేసి నీటి మట్టం (11) ______ [చూచు]. తెల్లవారాక చూస్తే కింది గదిలో కిటికీ దాకా నీళ్లు (12) ______ [నిలుచు].

పావుగంటలో నింపి ఇచ్చాను. నేను రాసిన రూపాలు వరుసగా ఇవి: ఉండేవాళ్లం, కురిసింది, తగ్గిపోయేవి, భయపడేవారు కాదు, వచ్చి, పెరిగాయి, చెప్పాడు, చేర్చిన, దాటాయి, పరుగెత్తాం, చూసేవాడు, నిలిచాయి. వాటిలో మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పది మాత్రమే నిలబడ్డాయి. తక్కిన ఏడింటి కిందా మాస్టారు గీత గీశారు గాని, సరైన జవాబు ఒక్కటి కూడా రాయలేదు. “ప్రతి ఖాళీ దగ్గరా ఈ రూపం ఎందుకు రాశావో ముందు నువ్వు చెప్పమ్మా, తరువాత నేను చెబుతాను” అన్నారు.

చెప్పడం మొదలుపెట్టగానే నా తప్పులలో చాలా వాటికి వేరు ఒక్కటేనని బయటపడింది. ఇది గతంలో జరిగిన కథ కాబట్టి ప్రతి క్రియా చూడగానే భూతకాలంలాగా కనిపించాలని నేను అనుకున్నాను. వర్తమానంలా కనిపించే రూపం ఎక్కడ వచ్చినా దాన్ని తప్పించుకున్నాను. మొదటి ఖాళీలో నోటికి సహజంగా వచ్చినది “ఉన్నాం” అనే మాటే. అయితే “మేం ఇప్పుడు ఇంట్లో ఉన్నాం” అనే వాక్యం గుర్తుకు వచ్చి, అది వర్తమానం కదా అని కొట్టేసి “ఉండేవాళ్లం” అని రాశాను.

మాస్టారు దాని మీద చాలా సేపు ఆగారు. ఉండు అనే క్రియకు ఉన్నాను, ఉన్నావు, ఉంది, ఉన్నాం అనే రూపాలు ఇప్పటికీ చెల్లుతాయి, గతానికీ చెల్లుతాయి. “నిన్న సాయంత్రం ఎక్కడ ఉన్నావు?” అని అడిగితే ఎవరూ కాలం తప్పిందనుకోరు, ఎందుకంటే కాలాన్ని “నిన్న” చెబుతున్నది. రాయలసీమలో “ఉండింది” అనే విడి రూపం వినిపిస్తుందనీ, తాము ఇంట్లో అలాగే మాట్లాడతామనీ, ఈ పేరాలో మాత్రం అందరూ రాసే రూపాన్నే తీసుకున్నామనీ ఆయన చెప్పారు. “తెలుసు” అనే మాటదీ ఇదే దారి. “ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు” అన్నప్పుడు క్రియ మారదు, పక్కనున్న “అప్పుడే” కాలాన్ని మోస్తుంది. ఇక నేను రాసిన “ఉండేవాళ్లం” భూతకాలమే అయినా అది అలవాటును చెప్పే రూపం. ఒక తేదీ వేసి “ఆ రోజున ఇంట్లో ఉండేవాళ్లం” అంటే, ఆ తేదీ పదే పదే వచ్చినట్టూ, వచ్చినప్పుడల్లా వాళ్లు ఇంట్లో ఉన్నట్టూ అవుతుంది. కాలం సరిపోయినా రూపం తప్పు కావచ్చునని నాకు మొట్టమొదట అర్థమైనది అక్కడే.

రెండో ఖాళీలో నా “కురిసింది” తప్పని ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. వాన కురిసింది, అందులో దోషమేముంది? దోషం క్రియలో లేదు, దాని ముందున్న “రెండు రోజులుగా” అనే మాటకూ దానికీ మధ్య ఉంది. “రెండు రోజుల పాటు కురిసింది” అంటే వాన మొదలై, కురిసి, ఆగింది. “రెండు రోజులుగా” అంటే మాత్రం కథ మొదలయ్యే క్షణానికి వాన ఇంకా ఆగలేదు. ఆ “గా” వచ్చాక ముగిసిపోయిన క్రియ పొసగదు. అక్కడ “కురుస్తూ ఉంది” గాని “కురుస్తూనే ఉంది” గాని రావాలి. చివరనున్న “ఉంది” వర్తమానం అవుతుందేమోనన్న భయం మొదటి ఖాళీతోనే తీరిపోయింది కాబట్టి, ఇక్కడ రాయడానికి నా చెయ్యి వెనకాడలేదు. “కురుస్తోంది” అని రాయవచ్చునా అని అడిగాను. తప్పు కాదనీ, అయితే అలా కుదించిన రూపం చదివేవారికి ఎదుట జరుగుతున్నదానిలా ముందు తడుతుందనీ, విడదీసి రాస్తే గతంలో సులువుగా కూర్చుంటుందనీ మాస్టారి అభిప్రాయం. ఆ తేడా నాకు అప్పుడు అంతగా తెలియలేదు. తరువాత పేరాను పైకి చదివినప్పుడు తెలిసింది.

మూడో ఖాళీ నాకు సరిగ్గానే వచ్చింది. “ఎప్పుడు నీళ్లు వచ్చినా” అన్నది చాలాసార్లు జరిగినదాన్ని చెబుతుంది కాబట్టి “తగ్గిపోయేవి”. అయితే అది సరిగ్గా రావడమే నాలుగో ఖాళీలో నన్ను దారి తప్పించింది. అలవాటు రూపంలోకి దిగిన చెయ్యి అదే ఊపులో “భయపడేవారు కాదు” అని రాసేసింది. మాస్టారు పెన్సిలుతో “ఆ రోజు కూడా” అనే మూడు మాటల చుట్టూ సున్నా చుట్టారు. కథ ఏళ్ల నాటి అలవాటు నుంచి మళ్లీ ఆ ఒక్క రోజుకు వచ్చేసిందని ఆ మాటలు చెబుతున్నాయి. నేను వాటిని చదివాను గాని, క్రియను ఎంచుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. ఒక్క రోజు జరగని పనికి “భయపడలేదు” రావాలి. ఈ రూపంలో ఇంకొక సౌకర్యం కూడా ఉంది. నేనైనా, వాళ్లైనా, అమ్మయినా “భయపడలేదు” మారదు. కాబట్టి కర్త “మాలో ఎవరూ” కాబట్టి చివర ఏం రావాలో అని నేను పడిన తడబాటుకు అవసరమే లేదు. “ఆ రోజు కూడా” అనే మాటలు తీసేస్తే నా జవాబు కూడా చెల్లుతుందనీ, అందుకే వాటిని కావాలని అక్కడ పెట్టానని మాస్టారు చెప్పారు.

ఆరో ఖాళీ దగ్గర మా ఇద్దరికీ అరగంట పట్టింది. నాకు బడిలో ఇంగ్లీషు వ్యాకరణం గట్టిగా నేర్పారు. ఒకరి మాటను చెప్పేటప్పుడు, చెప్పడం గతంలో జరిగితే లోపలి క్రియను కూడా ఒక మెట్టు వెనక్కి జరపాలన్నది ఆ వ్యాకరణంలో స్థిరమైన నియమం. “చెప్పాడు” భూతం కాబట్టి “పెరిగాయి” కూడా భూతమే కావాలని నేను ఆ లెక్కతోనే రాశాను. మాస్టారు వాదించలేదు. “మీ తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చి నీతో ఏ మాట అన్నాడనుకుందాం? ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పు” అన్నారు. నేను చెప్పాను: “వీధి చివర నీళ్లు పెరుగుతున్నాయి.” ఆయన “దాని పక్కన ‘అని చెప్పాడు’ చేర్చు” అన్నారు. వీధి చివర నీళ్లు పెరుగుతున్నాయని చెప్పాడు. అంతే, వాక్యం పూర్తయింది.

తెలుగులో “అని” ఒక గోడలాంటిది. దాని లోపలి క్రియ, మాట అన్న మనిషి నిలబడిన క్షణాన్ని బట్టి నడుస్తుంది, బయటి క్రియ కథ చెబుతున్నవారి క్షణాన్ని బట్టి నడుస్తుంది. బయట “చెప్పాడు” ఉన్నంత మాత్రాన లోపలిది కదలదు. నేను రాసిన “పెరిగాయని చెప్పాడు” వ్యాకరణం ప్రకారం తప్పు వాక్యం కాదు, కానీ అది వేరే వార్త. నీళ్లు అప్పటికే పెరిగిపోయాయని, బహుశా ఇక పెరగడం లేదని దాని అర్థం. వరద రోజున ఈ రెండు వార్తలకూ మధ్య ఎంత దూరం ఉంటుందో మాస్టారు తమ అనుభవంతో చెప్పారు. పెరుగుతున్నాయని విన్నారు కాబట్టే అమ్మగారు మూటలు ఎత్తడం మొదలుపెట్టారట. గోడకు లోపల మారేవి కూడా లేకపోలేదు. “రేపు వస్తాను” అని ఒకరు అంటే, దాన్ని తరువాత చెప్పేటప్పుడు “మర్నాడు వస్తానన్నాడు” అంటాం. రోజును చెప్పే మాట మారింది, “వస్తాను” అలాగే ఉంది. ఇంటికి వెళ్లాక నా పాత కాగితాలు తీసి చూసుకుంటే, ఎర్ర గీతలలో సగానికి పైగా ఈ “అని”కి ముందున్న క్రియల కిందే ఉన్నాయి.

ఎనిమిదో ఖాళీ నన్ను మరో విధంగా ఆశ్చర్యపరిచింది. అమ్మ మూటలు చేర్చడం గతంలోనే జరిగింది కాబట్టి “చేర్చినసరికి” అని రాశాను. రాసేటప్పుడే చెవికి ఏదో ఎబ్బెట్టుగా అనిపించింది, కానీ కాలం నిలకడగా ఉండాలన్న పట్టుదలతో చెవి మాట వినలేదు. ఇక్కడ రూపాన్ని నిర్ణయించేది కథ కాలం కాదు, పక్కనున్న అతుకు మాట. “సరికి”, “లోపు”, “ముందు” అనేవి తమకు ముందు “చేర్చే” అనే రూపాన్నే అడుగుతాయి. “తరువాత” అనేది “చేర్చిన” అనే రూపాన్ని అడుగుతుంది. కథ నిన్నటిదైనా రేపటిదైనా ఇందులో మార్పు లేదు. “నిన్న నేను వెళ్లేసరికి బండి కదిలింది”, “రేపు నువ్వు వెళ్లేసరికి బండి కదులుతుంది” అని రెండింటినీ పక్కపక్కన రాసుకుంటే, “వెళ్లేసరికి” రెండు చోట్లా ఒకటే, కాలం చెప్పే పని మొత్తం వాక్యం చివరి క్రియదే. అయిదో ఖాళీలోని “వచ్చి” కూడా అలాంటిదే. దానికి సొంత కాలం లేదు, తరువాత వచ్చే “చెప్పాడు” కాలమే దాని కాలం. పేరా చివరలో మాస్టారు ఖాళీ చేయకుండా వదిలిన “చూస్తే” కూడా ఇంతే. విడిగా చూస్తే షరతులా కనిపించే ఆ రూపం, “తెల్లవారాక చూస్తే” అన్నప్పుడు చూసిన క్షణాన్నే చెబుతుంది. తెలుగు బడుల్లో క్త్వార్థకం, చేదర్థకం అని పేర్లు పెట్టి నేర్పే ఈ అసమాపక క్రియలను నేను బట్టీ పట్టాను గాని, కథనంలో వాటికి కాలపు బరువు ఉండదన్న సంగతి అంతవరకూ గమనించలేదు.

మాటల సందర్భంలో మాస్టారు ఇంకొక వాడుక గుర్తు చేశారు. పెద్దవాళ్లు కథ చెబుతూ “తలుపు తీసి చూద్దును కదా, గడప దగ్గర నీళ్లు!” అంటారు. అక్కడ “చూద్దును” భూతకాల రూపం కాదు, తరువాతి వాక్యంలో క్రియే లేదు, అయినా వినేవాళ్లకు అది జరిగిపోయిన సంగతేనని ఎక్కడా సందేహం రాదు. మా అమ్మమ్మ నోట ఈ మాట వందసార్లు విని ఉంటాను. అది వ్యాకరణంలో చెప్పుకోదగిన సంగతి అని తెలిసిన క్షణం నాకు చాలా సంతోషం కలిగింది.

పన్నెండో ఖాళీలో “నిలిచాయి” అని రాస్తే నీళ్లు వచ్చి నిలిచిన ఘటన అవుతుంది. కానీ అది రాత్రి ఏదో ఒక వేళ, వాళ్లు చూడనప్పుడు జరిగింది. తెల్లవారి వాళ్లు చూసినది ఘటనను కాదు, దాని ఫలితంగా మిగిలిన స్థితిని. అందుకు “నిలిచి ఉన్నాయి”. ఆ తర్కంతో తొమ్మిదో ఖాళీలో “దాటి ఉన్నాయి” అని మార్చాలా అని వెంటనే అడిగాను. అక్కర్లేదన్నారు. మూటలు సర్దుతున్న వాళ్లంతా అక్కడే ఉన్నారు, నీళ్లు గడప దాటడం వాళ్ల కళ్ల ముందే జరిగింది, “దాటాయి” అన్నదే కథను ముందుకు నడుపుతుంది.

మరుసటి ఆదివారం అదే పేరాను మళ్లీ శుభ్రంగా తీసుకుని నింపాను. ఈసారి వరుసగా నింపలేదు. ముందు పెన్సిలు ముట్టకుండా పేరా మొత్తం రెండుసార్లు చదివి, ఆ రోజు ఒకదాని తరువాత ఒకటిగా జరిగిన పనులేవో గుర్తించాను. చెప్పడం, దాటడం, పరుగెత్తడం, ఈ మూడే కథకు వెన్నెముక. వాటిలో “చెప్పాడు, దాటాయి, పరుగెత్తాం” అని ముందుగా రాశాను. తరువాత “అని”కి ముందున్నదాన్ని తమ్ముడి నోటి మాటగా పైకి అని రాసుకున్నాను. అతుకు మాట పక్కనున్నవాటిని ఆ మాట అడిగినట్టు నింపాను. మిగిలినవన్నీ వెన్నెముకకు చుట్టూ ఉన్న నేపథ్యం. వాటి దగ్గర మాత్రం క్రియను చూడకుండా, దానికి ముందున్న “రెండు రోజులుగా”, “ఎప్పుడు వచ్చినా”, “ఆ రోజు కూడా” వంటి మాటలను చూశాను. ఇలా చేస్తే పావుగంటకు బదులు నలభై నిమిషాలు పట్టింది, పదకొండు నిలబడ్డాయి.

నిలబడనిది పదకొండో ఖాళీ. అందులో నేను మళ్లీ “చూసేవాడు” అనే రాశాను, ఈసారి ఆలోచించే రాశాను. గంటకోసారి అన్నారు కాబట్టి అది మళ్లీ మళ్లీ జరిగిన పని, మళ్లీ మళ్లీ జరిగినదానికి ఈ రూపమే కదా అన్నాను. మాస్టారు “చూస్తూనే ఉన్నాడు” అని రాశారు. ఆయన చెప్పిన కారణం ఇది: “చూసేవాడు” రోజుల తరబడి సాగిన పరిపాటిని చెబుతుంది, “ఆ రాత్రంతా” అనే హద్దు దాన్ని మోయలేదు. ఒక్క రాత్రిలో ఆగకుండా సాగినదానికి “చూస్తూనే ఉన్నాడు” సరిపోతుంది. “చూశాడు” అని రాసినా తాము కొట్టేసేవారు కారట. గంటకోసారి చూశాడు అంటే అన్నిసార్లూ కలిపి ఒక ముగిసిన పనిగా లెక్కపెట్టినట్టు అవుతుంది, కథ అక్కడ నిలవకుండా తెల్లవారుజాముకు వెళ్లిపోతుంది. “చూస్తూనే ఉన్నాడు” అంటే చదివేవారు కూడా ఆ మెట్ల మీద కాసేపు కూర్చుంటారు. రెండూ ఒప్పే, కానీ రెండింటి నడక వేరు. నా “చూసేవాడు” మీద నాకు ఇప్పటికీ కొంత మమకారం ఉంది. మా ఇంట్లో ఒక్క రోజు ముచ్చటకు కూడా అలాగే అంటారు. ఆ మాట చెబితే మాస్టారు కాదనలేదు. మాటలో వినేవాడు ఎదురుగా ఉంటాడు, సందర్భం తెలుసు, రాతలో ఆ రాత్రి ఒక్కటేనో పలు రాత్రులో క్రియ ఒక్కటే చెప్పాలి అన్నారు.

ఆ తరువాతి వారం ఇంటి పనిగా నేనే ఒక పేరా రాసి, ఎనిమిది ఖాళీలు పెట్టి ఆయనకు ఇవ్వవలసి వచ్చింది. మా తాతయ్య మొదటిసారి బెంగళూరుకు వచ్చిన రోజు గురించి రాశాను. ఖాళీలు నింపడం కంటే పెట్టడం కష్టమని తెలిసింది, ఎందుకంటే ఒకే ఒక రూపం పొసగాలంటే దానికి ముందు గుర్తు మాట ఒకటి తప్పక ఉండాలి. నేను ఒక వాక్యం ఇలా రాశాను: “నాన్న స్టేషనుకు వెళ్లాడు. తాతయ్య ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద ______ [కూర్చొను].” నా మనసులోని జవాబు “కూర్చుని ఉన్నాడు”. మాస్టారు “కూర్చున్నాడు” అని నింపారు, నవ్వుతూ, ఏది కావాలని అడిగావో వాక్యం నాకు చెప్పలేదమ్మా అన్నారు. నాన్న వెళ్లాక తాతయ్య వచ్చి కూర్చున్నా ఈ వాక్యమే, అప్పటికే కూర్చుని ఎదురు చూస్తున్నా ఈ వాక్యమే. నేను మొదటి వాక్యాన్ని రెండోదానితో కలిపి “నాన్న స్టేషనుకు వెళ్లేసరికి తాతయ్య అప్పటికే ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద” అని మార్చి, కాగితం మళ్లీ ఆయన ముందుంచాను. ఆయన “కూర్చున్నాడు”ను కొట్టేసి, పక్కన “కూర్చుని ఉన్నాడు” అని రాసి, తరువాతి ఖాళీకి వెళ్లారు.